నూట పదిహేడో నంబరు చెక్కు

బర్మాలోని సేక్కాన్‌లో ఓడరేవు గోడను ఆనుకుని జగన్మోహన్ గిడ్డంగి ఉంది. ఇండియా నుంచి మోటారు సైకిళ్ల విడిభాగాలు తెప్పించి, లత పేటలోని దుకాణాలకు టోకున అమ్మడం అతని వ్యాపారం. తాత నాడు బియ్యం, తండ్రి నాడు బట్టలు, ఇప్పుడు ఇది. గిడ్డంగి పైన చెక్క మేడ మీద ఆఫీసు గది. అక్కడే విజయ ఏప్రిల్ మొదటివారంలో లెక్కల పనిలో చేరింది.

ఆమెకు ముందు ఇరవై ఏడేళ్లు ఆ పుస్తకాలు రాసినవాడు సత్తిరాజు. డిసెంబరు నుంచే ఆయన కళ్లకు పొర కమ్మింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మార్చి దాకా రాసుకుంటూ వచ్చి, ఇక అంకెలు బొత్తిగా ఆనక మానేశాడు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ అయిదు నెలల్లో బ్యాంకు స్టేట్‌మెంటును క్యాష్‌బుక్కుతో ఎవరూ సరిపోల్చలేదు. జగన్మోహన్ ఫోనులో బ్యాంకు నిలవ చూసుకునేవాడు, దాన్నిబట్టే బేరాలు చేసేవాడు.

తింజాన్ కొత్త సంవత్సరం పండుగ సెలవులు అయిపోయి బ్యాంకు మామూలుగా నడవడం మొదలయ్యాక, మే రెండో తేదీ శుక్రవారం పొద్దున, విజయ వరసలో నిలబడి స్టేట్‌మెంటు తెచ్చుకుంది. ఏప్రిల్ ముప్పైన బ్యాంకు చూపిస్తున్న నిలవ డెబ్బై ఒక లక్షా నలభై వేల క్యాట్లు. అదే రోజుకు క్యాష్‌బుక్కులో బ్యాంకు నిలవ ముప్పై అయిదు లక్షల నలభై అయిదు వేలు.

తేడా ఉన్నంత మాత్రాన తప్పు ఉన్నట్టు కాదు. చెక్కు రాసిన రోజే మన పుస్తకంలో ఖర్చు పడుతుంది. అది పుచ్చుకున్న మనిషి బ్యాంకులో వేసిన రోజునే బ్యాంకు పుస్తకంలో పడుతుంది. ఈ మధ్య రోజుల తేడా ఎప్పుడూ ఉండేదే. అందుకని విజయ ముందు ఆ రకం వాటిని ఏరింది. ముప్పయ్యో తేదీ సాయంత్రం బ్యాంకులో వేసిన పన్నెండు లక్షల చెక్కు ఇంకా జమ కాలేదు. లారీ కిరాయికి రాసిన ఏడు లక్షల ముప్పై వేల చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు. ఈ రెండూ ఒకటి రెండు రోజుల పాతవి. మూడోది మాత్రం అలాంటిది కాదు.

నూట పదిహేడో నంబరు చెక్కు. నవంబరు పదహారు. అరవై లక్షలు. ఎదురుగా సత్తిరాజు వంకర అక్షరాల్లో పేరు, ఊరు: అప్పలనరసమ్మ, ట్వంటే.

విజయ ఆయనకు ఫోన్ చేసింది. పెద్దవాళ్ల పేరు ముందు 'ఊ', యజమానికి 'సయా' అక్కడి మర్యాద.

"ఊ సత్తిరాజు, అప్పలనరసమ్మంటే ఎవరు?"

"దేముడి పెళ్లాం," అన్నాడాయన. "దేముడు మన కళాసీయే. పెట్టెలు దింపుతుంటే తాడు తెగి మీద పడ్డాయి, పోయినాడు. అక్టోబరులో. సయా అరవై లక్షలు రాయించి ఇచ్చినాడు. అదెప్పుడో ఇచ్చీసినాం గదమ్మా, ఆ లెక్క మూసీసినాం."

"ఆ చెక్కు ఇప్పటిదాకా బేంకుకి రాలేదు."

"రాలేదా? ఏటైనాదో మరి," అన్నాడు సత్తిరాజు. "నాకు కనిపించి ఉంటే సూద్దును."

ఆ బ్యాంకు ఆరు నెలలు దాటిన చెక్కు తీసుకోదు. మే పదహారుతో దాని ఆయువు తీరిపోతుంది. విజయ స్టేట్‌మెంటు పట్టుకుని జగన్మోహన్ దగ్గరికి వెళ్లింది. కింద తలుపు దగ్గర, ఓడరేవులో ఆగిపోయిన కంటెయినరు గురించి అతను ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. రోజు గడిచేకొద్దీ దాని అద్దె పెరుగుతోంది. మాట్లాడుతూనే ఆమె చెప్పింది విన్నాడు.

"ఆరు నెలలు ఏటి సేస్తంది ఆవిడ?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దేముడు మంచోడు. ఆ డబ్బు ఆళ్లకి సేరాల్సిందే. ఎల్లి కనుక్కో. చెక్కుతో ఇబ్బందుంటే ఎనక్కి తీసుకురా, నోట్లే ఇద్దాం. సరే, మన పుస్తకం ఎంత సెప్తంది?"

"ముప్పై అయిదు లక్షల నలభై అయిదు వేలు, సయా."

"అరవైకి చెక్కు ఇచ్చినాక కూడానా?"

"అవును, అది నవంబరులోనే ఖర్చు రాసీసినారు. గాని నాను ఇంకా పూర్తిగా సరిపోల్చలేదు..."

ఫోను మళ్లీ మోగింది. అతను చెయ్యి ఊపి అటు తిరిగాడు. విజయ ఒక నిమిషం నిలబడి పైకి వెళ్లిపోయింది. అతను విన్న అంకె విన్నాడు, వినని మాట వినలేదు. సోమవారం చెప్పచ్చులే అనుకుంది.

*

ఆదివారం పొద్దున పడవలో నది దాటి, అవతలి ఒడ్డున బస్సెక్కి ట్వంటే చేరింది. కాలవ ఒడ్డున కుండల బట్టీల్లో అడుగుతూ వెళితే మూడో బట్టీలో అప్పలనరసమ్మ కనిపించింది. నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా బంకమట్టి. రోజుకు ఎనిమిది వేలకు మట్టి తొక్కుతోంది. విజయ ఎవరో చెప్పగానే ఆమె చేతులు కడుక్కోకుండానే నిలబడిపోయింది.

"చెక్కు ఎనక్కి తీసుకెల్డానికి వొచ్చినారా?" అని అడిగింది.

"కాదప్పా. నువ్వు ఎందుకు మార్చుకోలేదో అడగడానికి వొచ్చినాను," అంది విజయ, అక్క వరస కలుపుతూ.

అప్పలనరసమ్మ ఆమెను ఇంటికి తీసుకెళ్లింది. ఇల్లంటే వెదురు తడికెల గది ఒకటి. కూతురు బేబీ బర్మా స్కూలు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వచ్చినావిడను చూసి నవ్వింది గాని తెలుగులో మాట్లాడలేదు. అప్పలనరసమ్మ బిస్కెట్ల డబ్బా తెరిచి, మూడు ప్లాస్టిక్ సంచుల్లోంచి చెక్కు తీసింది. మడత కూడా పడలేదు. ఎడమ మూల రెండు అడ్డగీతలు, వాటి మధ్య ఖాతాలోనే జమ చేయాలన్న ముక్క. సత్తిరాజు జాగ్రత్తకోసం కొట్టిన గీతలవి. దారిలో పోయినా ఇంకొకరు డబ్బు తీసుకోలేరని.

"మూడు సార్లు ఎల్లినాను బేంకుకి," అంది అప్పలనరసమ్మ. "మొదటిసారి ఖాతా ఉండాలన్నారు. రెండోసారి ఖాతాకి గుర్తింపు కార్డు ఉండాలన్నారు. నాకు కార్డెక్కడిది? మా అయ్యకే లేదు. ఇంటి జాబితా కాయితం ఉన్నాది, అందులో నా బర్మా పేరు, దో ఎ మ్య. చెక్కు మీద అప్పలనరసమ్మ. మూడోసారి ఆ రెండూ ఒక మనిషేనని రాయించుకు రమ్మన్నారు. కార్డు కోసం ఆఫీసుకెల్తే అయ్య కార్డు తెమ్మన్నారు."

"మాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"సెప్తే కాయితం లాగీసుకుంటారేమోనని బయమేసింది, సెల్లీ. ఇది నా దగ్గరుంటే డబ్బు ఉన్నట్టే గదా అనుకున్నాను."

అది నిజమేనని విజయకు తెలుసు. ఇన్నాళ్లూ ఆ డబ్బు నిజంగానే బ్యాంకులో ఉంది. ఈ కాయితం ఈమె డబ్బాలో ఉన్నంతకాలం జగన్మోహన్ ఖాతాలో కనిపించే నిలవలో అరవై లక్షలు ఈమెవి. ఆ సంగతి స్టేట్‌మెంటు చెప్పదు, క్యాష్‌బుక్కు చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసే మనిషికే తెలుస్తుంది.

"ఇంక పన్నెండు రోజులైతే ఇది చెల్లదప్పా," అని నెమ్మదిగా చెప్పింది. "నాకు ఇవ్వు. సయా ఒప్పుకున్నారు. దీన్ని రద్దు చేసి, నోట్లే తెచ్చి నీ చేతిలో పెడతాను."

"ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం."

అప్పలనరసమ్మ చెక్కు ఇవ్వలేదు. కూతురి వైపు చూసింది. బేబీ బర్మా భాషలో ఏదో అంది, రసీదు రాయించుకోమని. విజయ నోటు పుస్తకంలోంచి కాయితం చింపి, నంబరు, తేదీ, మొత్తం, రెండు పేర్లూ వేసి సంతకం చేసింది. అప్పుడు కూడా చెక్కు మీద నుంచి అప్పలనరసమ్మ వేళ్లు తీయడానికి కాస్త సమయం పట్టింది. అంచున మట్టి మరక పడింది.

*

సోమవారం విజయ మెట్లెక్కేసరికి జగన్మోహన్ ఆఫీసు గదిలో ఆమె కుర్చీ పక్కనే కూర్చుని ఉన్నాడు. చాలా రోజుల తరవాత హుషారుగా ఉన్నాడు.

"కంటెయినరు వొచ్చేస్తంది," అన్నాడు. "శనివారమే అరవై అయిదు లక్షలు పంపించీసినాను. అద్దె, సుంకం అన్నీ కలిపి. ఇంకో వారం ఆగితే ఇంకో పది పడును."

విజయ సంచి బల్ల మీద పెట్టబోయి ఆగింది. "ఏ డబ్బు, సయా?"

"బేంకులో డెబ్బై ఒకటి ఉన్నాది గదా."

"అందులో అరవై అప్పలనరసమ్మది."

"తెలుసమ్మా. నాను లెక్క సూసుకునే పంపినాను. మన పుస్తకంలో ముప్పై అయిదు ఉందన్నావు. ఆ చెక్కు ఎనక్కొస్తే అరవై కలుస్తాది, తొంబై అయిదు. అరవై అయిదు పోతే ముప్పై మిగుల్తాది. ఆ ముప్పై ఈ ఆదివారం తీసుకెల్లి ఆవిడకిచ్చీ. సరుకు అమ్ముడైనాక మిగతా ముప్పై. తప్పేటి?"

లెక్క తప్పు కాదు. మొదటి అంకె సరైనదైతే. విజయ చెక్కు సంచిలోంచి తీసి అతనికిచ్చింది. అతను దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, రద్దు అని రాసి, సంతకం చేసి ఇచ్చాడు. ఆమె దాన్ని చెక్కు పుస్తకంలో మిగిలిన దాని అడుగు ముక్క పక్కన అంటించింది. తరవాత కుర్చీలో కూర్చుని శుక్రవారం ఆపేసిన చోట మొదలుపెట్టింది.

బ్యాంకు నిలవకు జమ కావలసిన పన్నెండు లక్షలు కలిపి, బ్యాంకుకు రాని రెండు చెక్కులు తీసేస్తే, ఏప్రిల్ ముప్పైన పుస్తకంలో ఉండవలసింది పదహారు లక్షల పదివేలు. ఉన్నది ముప్పై అయిదు లక్షల నలభై అయిదు వేలు. అంటే పందొమ్మిది లక్షల ముప్పై అయిదు వేలు పుస్తకంలో ఎక్కువగా ఉంది. ఇది రోజుల తేడా కాదు.

ముందు స్టేట్‌మెంటులో ఉండి క్యాష్‌బుక్కులో లేనివి వెతికింది. బ్యాంకు కోసుకున్న రుసుములు: డబ్బు పంపినందుకు, చెక్కు పుస్తకానికి, ఫోను సందేశాలకు, ఖాతా నిర్వహణకు. ఒక్కొక్కటీ చిన్నది. బ్యాంకు వీటిని తనంత తాను కోసుకుంటుంది. స్టేట్‌మెంటు చూస్తేగాని మనకు తెలియదు. అయిదు నెలలుగా ఎవరూ చూడలేదు. మొత్తం లక్షా ఎనభై అయిదు వేలు.

ఇంకా పదిహేడున్నర లక్షలు ఉంది. దాన్ని సగం చేసి చూసింది. ఖర్చును జమ వైపు రాస్తే తేడా రెట్టింపు వస్తుంది గనక, సగం మొత్తం ఎక్కడైనా కనిపించాలి. ఎనిమిది లక్షల డెబ్బై అయిదు వేలు ఎక్కడా లేదు. తొమ్మిదితో భాగించింది, తెగలేదు. అంటే ఒకటి కాదు, ఒకటికన్నా ఎక్కువ తప్పులున్నాయి. ఇక అడ్డదారులు లేవు. డిసెంబరు ఒకటి నుంచి ప్రతి వరసకూ స్టేట్‌మెంటులో ఒక టిక్కు, పుస్తకంలో ఒక టిక్కు పెడుతూ పోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కింద జనరేటరు వేశారు. ఆ చప్పుడు మధ్యనే ఫిబ్రవరి తొమ్మిది దగ్గర వేలు ఆగింది. జనరేటరుకు కొన్న డీజిలు, నాలుగు లక్షల పాతిక వేలు. బ్యాంకు నుంచి పోయింది. సత్తిరాజు దాన్ని జమ గడిలో రాశాడు. పోవలసింది పోకపోగా వచ్చినట్టు పడింది. తేడా ఎనిమిదిన్నర లక్షలు.

మిగిలింది తొమ్మిది లక్షలు. ఇప్పుడు తొమ్మిదితో తెగింది. అలా తెగితే రెండు అంకెలు తారుమారై ఉండచ్చు. మార్చి నాలుగున లతలో కోటిబాబు దుకాణం నుంచి వచ్చిన సొమ్ము: పుస్తకంలో యాభై నాలుగు లక్షలు, స్టేట్‌మెంటులో నలభై అయిదు. బ్యాంకు ముద్ర వేసిన చీటీ తీసి చూసింది. నలభై అయిదే. ఎవరూ ఏమీ తినలేదు. కళ్లు ఆనని ముసలాయన నాలుగు ముందో అయిదు ముందో పోల్చుకోలేకపోయాడు, అంతే.

విజయ కొత్త కాయితం మీద మళ్లీ రాసింది. జగన్మోహన్ ముప్పై లక్షల నలభై అయిదు వేలు మిగులుతుందనుకున్న చోట, మిగిలేది పదకొండు లక్షల పదివేలు. నమ్మలేక బ్యాంకు వైపు నుంచి కూడా వేసి చూసింది. అదే వచ్చింది. అయిదు నెలల తరవాత రెండు పుస్తకాలూ ఒక్క క్యాటు తేడా లేకుండా కలిశాయి.

జగన్మోహన్ ఆ కాయితం రెండుసార్లు చదివాడు.

"ఫోనులో పద్దెనిమిది సూపిస్తంది," అన్నాడు.

"పన్నెండు లక్షల చెక్కు పొద్దున జమైంది, అందుకు. అందులో ఏడు ముప్పై లారీ వాడిది. చెక్కు రేపో మాపో వస్తాది."

"కోటిబాబు దగ్గర తొమ్మిది రావాలి గదా అయితే?"

"ఆయన పేర మన లెడ్జరులో కూడా యాభై నాలుగే ఎక్కింది. తొమ్మిది లక్షలు ఎక్కువిచ్చినాడని, మార్చి ఆఖర్న తొమ్మిది లక్షల సరుకు ఉత్తినే పోయింది."

జగన్మోహన్ ఫోను తీసి కోటిబాబుకు కలిపాడు. కలవలేదు. పక్క దుకాణానికి చేస్తే, కోటిబాబు తలుపులు మూసి నెల దాటిందనీ, సరిహద్దు దాటి మేసో వైపు వెళ్లాడనీ చెప్పారు. ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"పంపించిన డబ్బు ఆపలేమా, సయా?" అని అడిగింది విజయ.

"పొద్దున్నే సుంకం కట్టీసినారు." ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు. "ముప్పై అయిదు అని నువ్వే సెప్పినావు గదమ్మా."

"సరిపోల్చలేదని కూడా చెప్పినాను."

"నాకు వినబడ్లేదు."

ఇద్దరూ చెప్పింది నిజమే. వినబడలేదని ఆమెకు ఆ రోజే తెలుసు. మెట్లెక్కే ముందు ఒక్క నిమిషం ఆగి మళ్లీ చెప్పి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన అప్పటినుంచి ఆమెను వదల్లేదు. అంకె ఇచ్చేసి షరతు తరవాత చెబుదామనుకోవడం లెక్కల మనిషి చేయకూడని పని.

శుక్రవారం కళాసీలకు కూలి ఇవ్వాలి. ఆరు లక్షల పదివేలు. అది పోగా ఖాతాలో ఉండేది అయిదు లక్షలు. జగన్మోహన్ ఆ అయిదుకూ చెక్కు రాసి విజయ చేతిలో పెట్టాడు. "ఇంతే ఉన్నాది," అన్నాడు. ఆ మాట నిజమని ఆమెకన్నా బాగా ఎవరికీ తెలియదు.

*

ఆదివారం అప్పలనరసమ్మ నోట్ల కట్ట విప్పి లెక్కపెట్టలేదు. దాని మందం చూసింది.

"ఇది అరవై కాదు," అంది.

విజయ జరిగినదంతా చెప్పింది. డీజిలు, నలభై అయిదు, యాభై నాలుగు, కంటెయినరు. బేబీ అర్థమైనంత బర్మా భాషలో తల్లికి మళ్లీ చెప్పింది. అప్పలనరసమ్మ అంతా విని, "ఎవరో తప్పు రాసినారు. సరే. నా చెక్కులో ఏటి తప్పుంది?" అని అడిగింది.

"నీ చెక్కులో తప్పేమీ లేదప్పా."

"మరైతే ఆ చెక్కు నాకిచ్చీండి. ఇదిగో, మీరు రాసిచ్చిన కాయితం. తీసుకోండి."

"అది రద్దయిపోయింది. ఉన్నా శుక్రవారంతో చెల్లదు."

"చెల్లకపోయినా ఇచ్చీండి," అంది అప్పలనరసమ్మ. గొంతు పెంచలేదు. బేబీ తల్లి చెయ్యి పట్టుకుంది. కాసేపటికి అప్పలనరసమ్మే లేచి, అయిదు లక్షల్లోంచి రెండు విడదీసి, బియ్యం దుకాణం బాకీకని పక్కన పెట్టింది.

ఆఫీసులో విజయ అప్పలనరసమ్మ పేర లెడ్జరులో ఒక పేజీ తెరిచి, ఇవ్వవలసింది యాభై అయిదు లక్షలు అని రాసింది. చెల్లని చెక్కు కదా, ఆదాయంలో కలిపేయమని పన్నుల పని చూసే మనిషి సలహా ఇచ్చాడు. ఆమె కలపలేదు. జగన్మోహన్ కూడా కలపమనలేదు. జులైలో రెండు లక్షలు ఇచ్చాడు. ఆ పేజీలో జరిగిన చివరి జమాఖర్చు అదే.

కంటెయినరులో వచ్చిన సరుకు కొనే దుకాణాలు అప్పటికే సగం మూతపడ్డాయి. మిగిలినవాళ్లు అరువు అడిగారు. వానలు తగ్గేసరికి కళాసీలు పద్నాలుగు మంది నలుగురయ్యారు, తరవాత ఎవరూ లేరు. అక్టోబరులో గిడ్డంగి అద్దె కట్టలేక జగన్మోహన్ తాళాలు అప్పగించాడు. చివరి నెల స్టేట్‌మెంటును విజయ క్యాష్‌బుక్కుతో సరిపోల్చింది. రాని చెక్కులు లేవు, మరిచిన రుసుములు లేవు, తప్పులు లేవు. నిలవ పదకొండు వేలు. అప్పలనరసమ్మ పేజీలో యాభై మూడు లక్షలు అలాగే ఉన్నాయి. ఆ పుస్తకం జగన్మోహన్ ఇంట్లో బీరువాలోకి వెళ్లింది.

విజయ లతలో ఒక ఫోన్ల దుకాణంలో బిల్లులు రాసే పనిలో చేరింది. డిసెంబరులో ఒక ఆదివారం తన జీతంలోంచి ముప్పై వేలు తీసుకుని ట్వంటే వెళ్లింది. అప్పలనరసమ్మ బట్టీలోనే ఉంది. బేబీ స్కూలు మానేసి పక్కనే కుండలు ఆరబెడుతోంది. విజయ నోట్లు చేతిలో పెడితే అప్పలనరసమ్మ తీసుకుని, చెంగున ముడి వేసుకుంది.

"టీ తాగుతావా, సెల్లీ?" అని అడిగింది.

మిగతా డబ్బు సంగతి అడగలేదు. టీ ఇచ్చి, మళ్లీ మట్టిలోకి దిగింది.